హెచ్‌ఎస్‌జీ రిపోర్ట్‌లో "ట్యూబ్ బ్లాక్" అని వస్తే ఏం చేయాలి, హిస్టెరోస్కోపీ ఎప్పుడు చేయించుకోవాలి

నేను స్టాఫ్ నర్స్‌ని, పన్నెండేళ్లుగా కొన్నాళ్లు ఎక్స్‌రే రూమ్‌లో హెచ్‌ఎస్‌జీలకి, కొన్నాళ్లు ఓటీలో హిస్టెరోస్కోపీలకి హెల్ప్ చేస్తూ వచ్చా. ఇది రాయడానికి కారణం మా పిన్ని కూతురు. పోయిన సంవత్సరం ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి ఏడుస్తూ "అక్కా, నా ఒక ట్యూబు బందైందంట, ఇంక ఐవీఎఫే అంటున్నరు" అంది. రిపోర్ట్ ఫోటో పంపించింది. అందులో ఒకే ఒక లైన్ చూసి ఇంటిల్లిపాదీ భయపడిపోయారు, ఆ లైన్ కింద ఇంకో లైన్ ఉంది, దాన్ని ఎవరూ చదవలేదు. అసలు విషయం అంతా ఆ రెండో లైన్‌లోనే ఉంది. ఆ అమ్మాయి కథనే పట్టుకుని మొదటినుంచి చివరిదాకా ఏ స్టెప్‌లో ఏం చేయాలో చెప్తా.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. హెచ్‌ఎస్‌జీ అంటే నీడ చూడటం, గర్భసంచిలోకి మందు పంపి ఆ మందు ఎక్కడిదాకా పోయిందో ఎక్స్‌రేలో చూస్తారు, మందు పోని చోట ఏముందో అది చెప్పదు. హిస్టెరోస్కోపీ అంటే సన్నటి కెమెరాతో గర్భసంచి లోపలికి వెళ్లి కళ్లతో చూడటం, కానీ అది ట్యూబుల గుమ్మం దాకానే చూపిస్తుంది, ట్యూబు లోపల ఏముందో దానికి కనపడదు. అంటే ట్యూబుల ప్రశ్నకి మొదటి జవాబు హెచ్‌ఎస్‌జీ, గర్భసంచి లోపలి ప్రశ్నకి సరైన జవాబు హిస్టెరోస్కోపీ.

మొదటి పని, మీ ప్రశ్న ఏంటో తేల్చుకోండి. ఏడాది పాటు కలిసున్నా కడుపు నిలవట్లేదు, మీకు 35 దాటితే ఆరు నెలలకే, డాక్టర్ దగ్గరికి వెళ్తే ట్యూబులు తెరిచి ఉన్నాయా అన్న ప్రశ్న వస్తుంది, అక్కడ హెచ్‌ఎస్‌జీ రాస్తారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక మళ్ళీ పిల్లలు కావాలని ట్యూబులు కలిపించుకున్నవాళ్ళు ఉంటారు, మా దగ్గరికి చాలామందే వస్తారు, వాళ్ళలో కొన్ని నెలలు గడిచినా కడుపు నిలవకపోతే కలిపిన చోట దారి ఉందా లేదా అని చూడటానికి కూడా ఇదే. అదే మీ బాధ రెండు మూడు అబార్షన్లు అవ్వడమైతే, స్కాన్‌లో లోపల పాలిప్, అంటే లోపలి పొర నుంచి పెరిగిన చిన్న కండ, ఉందని చెప్తే, గర్భసంచి లోపల గీకి శుభ్రం చేసే డీ అండ్ సీ అయ్యాక బ్లీడింగ్ బాగా తగ్గిపోతే, నెలసరి మధ్యలో బ్లీడింగ్ అవుతుంటే, నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనపడితే, కాపర్ టీ దారం కనపడకుండా పోతే, మంచి ఎంబ్రియోలు పెట్టినా ఐవీఎఫ్ మళ్ళీ మళ్ళీ ఫెయిలైతే, ఇవన్నీ గర్భసంచి లోపలి ప్రశ్నలు, వీటికి హిస్టెరోస్కోపీ. రెండు ప్రశ్నలూ ఉన్నవాళ్ళు కూడా ఉంటారు, మా చెల్లి అలాంటిదే.

దాని వివరాలు చెప్తా. వయసు 29. పెళ్లయి నాలుగేళ్లు. రెండేళ్ల కింద మూడో నెలలో కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం ఆగిపోయిందని డీ అండ్ సీ చేశారు. అంతకుముందు నాలుగు రోజులు బాగా అయ్యే బ్లీడింగ్ ఆ తర్వాత రెండు రోజులే, అదీ ఒక ప్యాడ్ సరిగ్గా తడవనంత. ఈ మాట అది డాక్టర్‌కి చెప్పలేదు. "తక్కువైతే మంచిదే గదా అక్కా, నొప్పి గూడ లేదు" అంది. మీరు అలా చేయకండి, డీ అండ్ సీ ముందు ఎంత అయ్యేది, తర్వాత ఎంత అవుతోంది అన్నది ప్యాడ్ల లెక్కలో రాసుకుని వెళ్ళండి, ఎందుకంటే లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కున్నాయా అని డాక్టర్‌కి అనుమానం రావడానికి ఉన్న ఆధారాల్లో పెద్దది ఇదే.

ఇంకోటి, హెచ్‌ఎస్‌జీకి ముందు మీ ఆయన వీర్యం టెస్ట్ అయిపోయిందా అని చూస్కోండి, నొప్పి లేనిది, తేలికైనది, చాలాచోట్ల ఆడవాళ్ళ టెస్టులన్నీ అయిపోయాక దాన్ని గుర్తు చేస్తారు. ఇక్కడితో ఆపేస్తా, అది వేరే సబ్జెక్ట్.

రెండో పని, డేట్ లెక్క. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఎర్రగా ఫ్లో మొదలైన రోజు ఒకటో రోజు, మరకలు కనపడిన రోజు కాదు. ఏడో రోజు నుంచి పదో రోజు లోపల చేయించుకోవాలి, అప్పటికి బ్లీడింగ్ పూర్తిగా ఆగి ఉండాలి. ఎందుకంటే ఆ టైమ్‌లో లోపలి పొర పల్చగా ఉంటుంది, అండం ఇంకా విడుదల కాదు కాబట్టి కడుపు ఉండే ఛాన్స్ చాలా తక్కువ. పన్నెండు పద్నాలుగు రోజులకి వస్తే పొర మందమై ముడతలు పడి పాలిప్ లాగా కనపడొచ్చు. మా చెల్లికి 3వ తారీఖు ఫ్లో మొదలైంది, 8కి పూర్తిగా ఆగింది, 11న అంటే తొమ్మిదో రోజు టెస్ట్ పెట్టారు. డేట్ వచ్చిన రోజునుంచి టెస్ట్ అయ్యేవరకు కలవకూడదు, లేదా కండోమ్ వాడాలి. నెలసరి క్రమంగా రానివాళ్ళు, ఈసారి బ్లీడింగ్ ఎప్పటిలా రాకుండా కొద్దిగానే అయినవాళ్ళు టెస్ట్‌కి ముందు యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ తప్పకుండా చేసుకోండి, ఆ కొద్ది బ్లీడింగ్ ఒక్కోసారి నెలసరి కాదు, కడుపుతో ఉన్నప్పుడు అయ్యే బ్లీడింగ్. మా చెల్లికి ఎప్పుడూ తక్కువే కాబట్టి మేము చేయించాం.

ముందే చెప్పాల్సినవి కొన్ని ఉంటాయి, రూమ్‌లో పడుకున్నాక చెప్తే లాభం లేదు. కింద కడుపులో నొప్పి, జ్వరం, వాసనతో తెల్లబట్ట ఉంటే ఆ నెల టెస్ట్ చేయరు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మందు తోస్తే ఇన్ఫెక్షన్ కూడా ట్యూబుల్లోకి పోతుంది. ఇంతకుముందు సీటీ స్కాన్ మందుకి గానీ ఇలాంటి ఎక్స్‌రే మందుకి గానీ ఒళ్ళు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పండి. "నాకు రొయ్యలు పడవు, అయోడిన్ ఎలర్జీ ఉంటదేమో" అని చాలామంది భయపడతారు, రొయ్యల ఎలర్జీకీ ఈ మందుకీ సంబంధం లేదు, కానీ ఏ ఎలర్జీ ఉన్నా చెప్పడం మంచిదే. థైరాయిడ్ ఉంటే ఆ విషయం కూడా చెప్పండి, ముఖ్యంగా నీళ్లలో కలిసే మందు బదులు నూనెతో చేసిన ఎక్స్‌రే మందు వాడే చోట, అది ఒంట్లో చాలాకాలం ఉండి అయోడిన్ వదులుతుంది. అన్నట్టు ఈ నూనె మందు గురించి ఒక మాట, నెదర్లాండ్స్‌లో 1119 మంది మీద చేసిన పెద్ద స్టడీ 2017లో వచ్చింది, నూనె మందు వాడినవాళ్ళలో ఆరు నెలల్లో కడుపు నిలిచింది 39.7 శాతం, నీళ్ల మందు వాడినవాళ్ళలో 29.1 శాతం. కాబట్టి హెచ్‌ఎస్‌జీ అయ్యాక కొందరికి వెంటనే కడుపు పండటం ఊరికే పుట్టిన మాట కాదు. మన దగ్గర ఎక్కువ వాడేది మాత్రం నీళ్ల మందే.

మూడో పని, ఆ రోజు ఎలా ఉంటుందో తెలుసుకుని వెళ్ళడం. మత్తు అక్కర్లేదు, పరగడుపున ఉండాల్సిన పని లేదు, పైగా ఏదో ఒకటి తినే రండి, ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళకే కళ్ళు తిరుగుతుంటాయి. టెస్ట్‌కి అరగంట నుంచి గంట ముందు డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకోండి, చాలాచోట్ల ఇబుప్రోఫెన్ ఇస్తారు, ఆస్తమా, అల్సర్ ఉంటే చెప్పండి, వేరేది ఇస్తారు. టేబుల్ మీద డెలివరీ పొజిషన్‌లో పడుకోబెట్టి, స్పెక్యులమ్ పెట్టి, గర్భసంచి నోరు శుభ్రం చేసి, సన్నటి గొట్టం గానీ చిన్న బెలూన్ ఉన్న క్యాథెటర్ గానీ లోపలికి పెడతారు. నోరు పట్టుకుని కొద్దిగా లాగుతారు, వంగి ఉన్న గర్భసంచి నిటారుగా వస్తేనే నీడ సరిగ్గా పడుతుంది, అప్పుడు ఒక చురుకు. తర్వాత మందు లోపలికి పోతుంటే నెలసరి నొప్పి లాగా రెండు మూడు నిమిషాలు గట్టిగా పట్టేస్తుంది. మొత్తం మందు మామూలుగా పది ఎంఎల్ దాకానే. చాలామందికి బల్ల మీద పడుకునే టైమ్ పదిహేను ఇరవై నిమిషాలు, అసలు నొప్పి మాత్రం ఆ రెండు మూడు నిమిషాలే.

ఇక్కడ మా చేతుల్లో ఉండే పని ఒకటి చెప్పాలి. గొట్టం లోపల పెట్టేముందే దాన్ని మందుతో నింపి సిరంజిని నిటారుగా పట్టుకుని వేలితో తట్టి గాలి మొత్తం బయటికి తీస్తాం. చేయకపోతే ఆ గాలి బుడగలు గర్భసంచిలోకి పోయి ఫిల్మ్‌లో గుండ్రంగా నల్ల చుక్కల్లా కనపడి పాలిప్ అనిపిస్తాయి. తేడా ఎలా తెలుస్తుందంటే బుడగ కదులుతుంది, ఇంకొంచెం మందు తోస్తే పక్కకి పోతుంది, పాలిప్ ఎన్ని ఫిల్మ్‌లు తీసినా ఉన్నచోటే ఉంటుంది. రెండోది, మందు మెల్లగా తోయాలి. గబగబా తోస్తే గర్భసంచి మూలలో కండరం బిగుసుకుపోయి ట్యూబు మూసుకుపోయినట్టు కనపడుతుంది, ఏ రోగమూ లేని ట్యూబు కూడా. మందు చల్లగా ఉన్నా కండరం బిగుసుకోవచ్చని చెప్తారు, అందుకే మేము సీసాని గోరువెచ్చగా చేసి తెస్తాం. మీరు రూమ్‌లో ఉన్నప్పుడు చేయగలిగింది ఒకటే, పొట్ట బిగపట్టకుండా నోటితో మెల్లగా ఊపిరి వదలడం, నొప్పి ఎక్కువైతే "డాక్టర్ గారూ కాసేపు ఆపండి" అని ధైర్యంగా చెప్పడం. ఆపితే ఏం పాడవదు, పైగా బిగుసుకున్న కండరం వదులవుతుంది.

అయిపోయాక వెంటనే లేవకండి, పది నిమిషాలు పడుకోండి. ఒకట్రెండు రోజులు మరకలు, జిగటగా మందు కారడం మామూలే, ప్యాడ్ పెట్టుకోండి. నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతున్నా, 100.4 ఫారిన్‌హీట్ దాటి జ్వరం వచ్చినా, వాసనతో బట్ట అయినా తెల్లారేదాకా ఆగకండి, అదే రోజు వెళ్ళండి. ట్యూబులు ఉబ్బి ఉన్నాయని టెస్ట్‌లో తెలిసినవాళ్ళకి ఇన్ఫెక్షన్ రిస్క్ ఎక్కువ, వాళ్ళకి డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ ఐదు రోజులు రాస్తారు, అది పూర్తిగా వాడండి.

నాలుగో పని ఫిల్మ్ చదవడం. రిపోర్ట్ ఒక్కటే కాదు, ఫిల్మ్‌లు గానీ సీడీ గానీ అడిగి తీసుకోండి. ఫిల్మ్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే మీ కుడి ట్యూబు ఫిల్మ్‌లో ఎడమవైపు కనపడుతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టు. మధ్యలో తలకిందులుగా ఉన్న త్రికోణం, అది గర్భసంచి లోపలి ఖాళీ. పైన రెండు మూలల నుంచి దారం లాంటి సన్నటి గీత మొదలై, పోనుపోను వెడల్పయ్యి, చివర్న మందు పొగలా చెదిరిపోయి పేగుల మధ్య పరుచుకుంటుంది. ఆ చెదరడాన్నే ఫ్రీ స్పిల్ అని రాస్తారు. ట్యూబు చివర తెరిచి ఉందనడానికి అదే సాక్ష్యం.

కనీసం మూడు నాలుగు ఫిల్మ్‌లు ఉండాలి. మొదటిది మందు కొంచెమే పోయినప్పుడు తీసింది, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గర్భసంచి నిండా మందు పోశాక చిన్న పాలిప్‌లు, సన్నటి అతుకులు ఆ చిక్కటి మందులో మునిగిపోయి కనపడవు. కొన్నిచోట్ల ఈ మొదటి ఫిల్మ్ తీయకుండా నిండాకే తీస్తారు, నాకు అది చూస్తే బాధేస్తుంది, ఆ ఆడమనిషి నొప్పి పడింది కానీ సగం జవాబే వచ్చింది. చివరిది బెలూన్ ఖాళీ చేశాక తీసింది, లేదంటే గర్భసంచి కింది భాగం బెలూన్ వెనకాలే దాక్కుంటుంది.

ఖాళీలో మందు పోని చోటుని ఫిల్లింగ్ డిఫెక్ట్ అంటారు. అంచులు నున్నగా గుండ్రంగా ఉంటే పాలిప్ గానీ గర్భసంచి కండరంలోంచి లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ గడ్డ గానీ కావొచ్చు. అంచులు గజిబిజిగా, కత్తిరించినట్టు కోణాలతో ఉంటే అతుకుల మీద అనుమానం. త్రికోణం బదులు రెండు కొమ్ముల్లా వి ఆకారం వస్తే మధ్యలో అడ్డుగోడ ఉందో, గర్భసంచే రెండుగా చీలి ఉందో హెచ్‌ఎస్‌జీ చెప్పలేదు, బయటి ఆకారం దానికి కనపడదు కాబట్టి, దానికి 3డీ స్కాన్ గానీ ఎంఆర్ఐ గానీ కావాలి. ఇది తేలకుండా అడ్డుగోడ అనుకుని కోయడానికి ఎవరైనా తేదీ ఇస్తే ముందు ఆ స్కాన్ అడగండి.

ట్యూబు చివర వెడల్పుగా ఉబ్బి బయటికి చుక్క రాకుండా ఆగితే ట్యూబులో నీళ్లు చేరినట్టు, దాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు, ఇది మూలలో బ్లాక్ కంటే వేరే సంగతి. ఆ నీళ్లు వెనక్కి గర్భసంచిలోకి కారి ఐవీఎఫ్‌లో పెట్టిన ఎంబ్రియో నిలవకుండా చేస్తాయి, అందుకే ముందు ఆ ట్యూబుని తీసేయడమో కట్టేయడమో చేస్తారు. చివర మందు చెదరకుండా ట్యూబు చుట్టూ గుంటలో నిలిచినట్టు ఉంటే చుట్టూ అతుకులు ఉండొచ్చు. ట్యూబులు పూసల దండలా అక్కడక్కడ ఉబ్బి సన్నబడినా, లేదా వంపులేవీ లేకుండా గట్టి గొట్టాల్లా కనపడినా, గర్భసంచి కుంచించుకుపోయి చిన్నగా కనపడినా, మన దేశంలో డాక్టర్లు టీబీ గురించి ఆలోచిస్తారు, ట్యూబులకీ గర్భసంచికీ వచ్చే టీబీ చాలామంది ఆడవాళ్ళలో దగ్గూ జ్వరం లేకుండా మెల్లగా పాకుతుంది.

మా చెల్లి ఫిల్మ్ సంగతికి వద్దాం. ఎడమ ట్యూబు మొదటినుంచి చివరిదాకా నిండింది, చివర్న పొగలా చెదిరింది, అంతా బాగానే ఉంది. కుడివైపు ట్యూబు అసలు మొదలవ్వలేదు. రిపోర్ట్ మొదటి లైన్ "రైట్ కార్న్యువల్ బ్లాక్", అంటే ట్యూబు మొదలయ్యే కుడి మూలలో బ్లాక్. అందరూ చదివింది అదే. రెండో లైన్ "గర్భసంచి కుడి మూలలో గజిబిజి అంచులతో ఫిల్లింగ్ డిఫెక్ట్". నేను మొదటి ఫిల్మ్ అడిగి చూశా, కుడి మూల అసలు మూలలా లేదు, ఎవరో గోరుతో చెరిపినట్టు ఉంది. మందు మూల దాకానే పోకపోతే ట్యూబు లోపలికి ఎలా పోతుంది? ట్యూబు మూసుకుందని చెప్పడానికి మందు ముందు దాని గుమ్మం దాకా చేరాలి కదా. ఇక్కడ చేరనేలేదు.

ఐదో పని, మూలలో బ్లాక్ అని వచ్చినప్పుడు వెంటనే నమ్మకపోవడం. మూలలో బ్లాక్‌కి కారణాలు మూడు నాలుగు ఉంటాయి, కండరం బిగుసుకోవడం, చీమిడి లాంటి జిగురు ముక్క అడ్డం పడటం, మూలలో పాలిప్ గానీ అతుకు గానీ ఉండటం, నిజంగానే ట్యూబు గట్టిపడి మూసుకుపోవడం. మొదటి రెండూ రోగం కాదు. టేబుల్ మీద ఉండగానే కాసేపు ఆగి, బిగుతు తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, పక్కకి తిప్పి మళ్ళీ మెల్లగా తోస్తే చాలామందిలో తెరుచుకోవడం నేను చూశా. అలా చేశారా అని అడగండి, అడగడంలో తప్పేం లేదు. చేయకపోతే ఇంకో నెల మళ్ళీ హెచ్‌ఎస్‌జీ చేయించడమో, లేదా పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టే లాపరోస్కోపీలో నీలం మందు పంపి నేరుగా చూడటమో, లేదా సన్నటి వైరుతో ట్యూబు గుమ్మం తెరవడానికి ప్రయత్నించడమో ఉంటాయి, మీ వయసు, ఇంకో ట్యూబు పరిస్థితి, వీర్యం రిపోర్ట్ చూసి డాక్టర్ ఏది ముందో చెప్తారు. రివర్స్ తప్పు కూడా ఉంటుంది, ట్యూబు తెరిచి ఉందంటే అది బాగా పనిచేస్తోందని కాదు, చుట్టూ అతుకులూ, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ కూడా హెచ్‌ఎస్‌జీలో కనపడకపోవచ్చు.

మా చెల్లికి డీ అండ్ సీ, తగ్గిన బ్లీడింగ్, కుడి మూలలో డిఫెక్ట్, మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి డాక్టర్ మేడమ్ తర్వాతి నెల హిస్టెరోస్కోపీ పెట్టారు. "ట్యూబు సంగతి తర్వాత, ముందు లోపల చూద్దాం" అన్నారు. ఐవీఎఫ్ మాట ఎత్తలేదు.

ఆరో పని హిస్టెరోస్కోపీకి రెడీ అవ్వడం. దీనికీ అదే లెక్క, బ్లీడింగ్ ఆగిన తర్వాత, ఫ్లో మొదలైన రోజు నుంచి పది పదకొండు రోజుల లోపల. చూడటానికి మాత్రమే అయితే మూడు నాలుగు మిల్లీమీటర్ల స్కోప్‌తో మత్తు లేకుండా ఓపీలోనే చేసేవాళ్ళు ఉన్నారు, స్పెక్యులమ్ కూడా లేకుండా యోనిలోకి సెలైన్ వదిలి ఆ దారిలోనే కెమెరా తీసుకెళ్తారు, అది నేర్చుకున్న చేతుల్లో చాలా తేలిక. మన దగ్గర ఎక్కువచోట్ల మాత్రం కాసేపు మత్తు ఇస్తారు, దానికి ఆరు గంటల ముందునుంచి ఏమీ తినకూడదు. ముందురోజు రాత్రి గర్భసంచి నోరు మెత్తబడటానికి మాత్ర పెట్టమంటే అది పెట్టాక కొంచెం నొప్పి, మరకలు కనపడొచ్చు, భయపడకండి. ఇదే రోజు ఏదైనా కనపడితే కోసేయడానికి సంతకం తీసుకుంటారా, లేక చూడటానికి మాత్రమేనా అని ముందే అడగండి, లేకపోతే రెండోసారి మత్తుకి వెళ్లాల్సి వస్తుంది.

లోపల ఏం జరుగుతుందంటే గర్భసంచి మామూలుగా ముందు గోడ వెనక గోడ అతుక్కున్నట్టు ముడుచుకుని ఉంటుంది, సెలైన్ ఎక్కిస్తే విచ్చుకుంటుంది, అప్పుడే చూడగలరు. స్క్రీన్ మీద గులాబీ రంగు గుహలా ఉంటుంది. మంచి డాక్టర్ ఒక వరుసలో చూస్తారు, గర్భసంచి నోటి దారి, తర్వాత పైకప్పు, తర్వాత కుడి ట్యూబు గుమ్మం, ఎడమ గుమ్మం, ముందు వెనక గోడలు, మళ్ళీ బయటికి వస్తూ నోటి దారి. గుమ్మం అంటే చిన్న చుక్కంత రంధ్రం, ఒక్కోసారి అది మూసుకుని తెరుచుకుంటూ కనపడుతుంది. మా చెల్లి స్క్రీన్ మీద ఎడమ మూలలో ఆ చుక్క చక్కగా కనపడింది. కుడి మూలకి వెళ్లేసరికి కర్టెన్ అడ్డం వేసినట్టు తెల్లటి పొర, ఒక గోడ నుంచి ఇంకో గోడకి. కరెంట్ వాడకుండా స్కోప్ పక్క దారిలోంచి సన్నటి కత్తెర పంపించి ఆ పొర మధ్యలో కొద్దికొద్దిగా కత్తిరించారు, నాలుగైదు కత్తిరింపులకి పొర రెండు వైపులకీ ముడుచుకుపోయి వెనక మూల బయటపడింది, మూలలో చుక్క. ఓటీలో ఎవరూ గట్టిగా ఏం అనలేదు కానీ మేడమ్ ఒకసారి నావైపు చూశారు.

ఆ పక్కనే మా పని సెలైన్ లెక్క రాయడం. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది, తేడా ఎంత అని. కోసే ఆపరేషన్లలో ఆ తేడా ఒంట్లోకి పోయినట్టు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి సెలైన్ వాడితే 2500 ఎంఎల్ దగ్గర ఆపేస్తారు, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకా ముందే. లెక్క ఉన్నట్టుండి పెరిగి, విచ్చుకున్న సంచి ముడుచుకుపోతే గోడకి రంధ్రం పడిందేమో అని చూస్తారు, అరుదే, కానీ అతుకులు కోసేటప్పుడు ఈ భయం మిగతావాటికంటే ఎక్కువ, అందుకే గజిబిజిగా ఉన్న లోపలికి అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

టీబీ అనుమానం ఉన్నవాళ్ళకి అదే సమయంలో లోపలి పొర ముక్క తీస్తారు. ఇక్కడ ఒక చిన్న విషయం చాలా డబ్బునీ నెలల్నీ కాపాడుతుంది. బయాప్సీకి పోయే ముక్క ఫార్మలిన్‌లో వేయాలి, టీబీ కల్చర్‌కీ జీన్ టెస్ట్‌కీ పోయే ముక్క మామూలు సెలైన్‌లో వేయాలి, ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోయి కల్చర్‌లో ఏమీ పెరగదు. రెండు వేరు వేరు డబ్బాలు ల్యాబ్‌కి పోయాయా అని మీవాళ్ళు అడిగితే సరిపోతుంది.

ఏడో పని, రిపోర్ట్ చదవడం. హిస్టెరోస్కోపీ రిపోర్ట్‌లో రెండు గుమ్మాలు కనపడ్డాయా, గర్భసంచి ఆకారం ఎలా ఉంది, లోపలి పొర ఎలా ఉంది, ఏం తీశారు, ఇవి రాసి ఉండాలి, ఫోటోలో వీడియోలో ఇవ్వమనండి. ఫైబ్రాయిడ్ ఉంటే టైప్ 0, 1, 2 అని రాస్తారు, 0 అంటే మొత్తం ఖాళీలోనే వేలాడుతోంది, 1 అంటే సగం కన్నా తక్కువ కండరంలో ఉంది, 2 అంటే సగమో అంతకన్నా ఎక్కువో కండరంలో ఉంది. 2 అయితే ఒక్కసారిలో మొత్తం రాకపోవచ్చు, రెండోసారి వెళ్లాల్సి వస్తుందని ముందే తెలిస్తే మనసుకి దెబ్బ తగలదు. "రెండు గుమ్మాలూ కనపడ్డాయి" అని ఉంటే ట్యూబులు తెరిచి ఉన్నట్టు అనుకోకండి, గుమ్మం తెరిచి ఉన్నా లోపల నడవా మూసుకుని ఉండొచ్చు.

మా చెల్లి ఇంటికొచ్చాక ఇస్ట్రోజెన్ మాత్రలు మూడు వారాలకి పైగా, తర్వాత ప్రొజెస్టిరోన్ వాడింది, పొర మళ్ళీ పెరిగి కోసిన చోటు అతుక్కోకుండా. అతుకులు కోశాక అవి మళ్ళీ రావడం మామూలు విషయమే, అందుకే రెండు నెలలకి చిన్న స్కోప్‌తో ఇంకోసారి చూశారు, ఓపీలోనే, మత్తు లేకుండా. లోపల నున్నగా ఉంది. బ్లీడింగ్ మూడున్నర రోజులకి పెరిగింది, ఈసారి అదే ఫోన్ చేసి ప్యాడ్ల లెక్క చెప్పింది.

ఇక కుడి ట్యూబు ప్రశ్న మిగిలింది. మళ్ళీ ఎనిమిదో రోజు లెక్క చూసి హెచ్‌ఎస్‌జీ పెట్టారు, ఈసారి నేనే సిరంజి పట్టుకున్నా, గాలి తట్టి తీసి, మందు గోరువెచ్చగా చేసి ఇచ్చా. మేడమ్ ఆగి ఆగి తోశారు. ఎడమ గీత ముందు వచ్చింది. కుడి మూల ఈసారి మూలలాగే ఉంది, కానీ గీత రాలేదు. మేడమ్ ఒక నిమిషం ఆగారు. చెల్లి నా చెయ్యి పట్టుకుని "అక్కా వస్తుందా" అని అడిగింది, నేను నోటితో ఊపిరి వదలమన్నా. ఇంకొక అర ఎంఎల్ పోయేసరికి స్క్రీన్ మీద వెంట్రుకంత తెల్లటి గీత బయల్దేరి, వంపు తిరిగి, చివర్న పొగలా చెదిరింది.